కార్వీ కథ: మీ షేర్లు నిజంగా మీ పేరు మీదే ఉన్నాయా?

ఈ ఎపిసోడ్‌లో ఏ షేర్ కొనాలి అనేది కాదు, షేర్లు ఎవరి దగ్గర కొనాలి అనేది మాట్లాడుకుందాం. అది అర్థం కావాలంటే ఒక పాత కథ చెప్పాలి. పాతదంటే మరీ పాతది కాదు, 2019 నాటిది. మన హైదరాబాద్ కంపెనీదే.

కార్వీ పేరు మీ నాన్నగారిని అడగండి, వెంటనే గుర్తుపడతారు. 1980ల్లో హైదరాబాద్‌లో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు మొదలుపెట్టిన సంస్థ అది. ఐపీఓ అప్లికేషన్లు, షేర్ రిజిస్ట్రార్ పని, తర్వాత బ్రోకింగ్. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం వైపు ధాన్యం డబ్బులో కొంత మార్కెట్లో పెట్టిన కుటుంబాలకి కార్వీ అంటే పెద్ద పేరు. సెబీ రిజిస్ట్రేషన్ ఉంది, ఎన్ఎస్ఈ మెంబర్‌షిప్ ఉంది, డీమ్యాట్ సర్వీస్ కూడా వాళ్లదే. మరి తప్పు ఎక్కడ జరిగింది?

ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించి చెప్తున్నదే, కానీ పద్ధతి మాత్రం అప్పుడు జరిగిందే. గుడివాడలో ఒక రైతు దగ్గర 3 లక్షల విలువైన షేర్లున్నాయి, ఫుల్ డబ్బు కట్టి కొన్నవి. ఇంకో 40 వేలు బ్రోకర్ లెడ్జర్‌లో క్యాష్‌గా ఉంది. అకౌంట్ తెరిచిన రోజు ఇచ్చిన కాగితాల కట్టలో ఆయన పవర్ ఆఫ్ అటార్నీ మీద కూడా సంతకం పెట్టారు. షేర్లు అమ్మినప్పుడు బ్రోకరే డీమ్యాట్ నుంచి తీసి ఇవ్వడానికి అది కావాలి. అప్పట్లో అందరూ పెట్టిన సంతకమే.

ఇప్పుడు రైతు ఏమీ అమ్మలేదు. అయినా ఆ అధికారం వాడుకుని షేర్లు బ్రోకర్ సొంత పేరు మీదున్న ఒక డీమ్యాట్ అకౌంట్‌కి వెళ్లాయి. అక్కడినుంచి బ్యాంకులకి తాకట్టు. బ్యాంకులు కార్వీకి అప్పిచ్చాయి. మరోపక్క కార్వీ నుంచి గ్రూప్‌లోని కార్వీ రియాల్టీ కంపెనీకి డబ్బు వెళ్లింది. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబర్ వరకు అలా వెళ్లింది నికరంగా 1,096 కోట్లు అని సెబీ ఆర్డర్‌లో ఉంది. ఇంకో సంగతి, ఆ తాకట్టు నడిపిన డీమ్యాట్ అకౌంట్‌ని కార్వీ ఎక్స్ఛేంజ్‌కి పంపే రిపోర్టుల్లో చూపించనే లేదు.

మరి రైతుకి ఎందుకు తెలియలేదు? బ్రోకర్ పంపే స్టేట్‌మెంట్‌లో షేర్లు మామూలుగానే కనిపిస్తాయి కాబట్టి. అది బ్రోకర్ రాసుకున్న లెక్క. అసలు రిజిస్టర్ ఉండేది డిపాజిటరీలో, అంటే ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్‌లో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు చాలా తక్కువ. బయటికి కనిపించిన మొదటి గుర్తు వేరే: అమ్మిన డబ్బు సమయానికి బ్యాంకుకి రాకపోవడం. "సర్వర్ ప్రాబ్లమ్ అండీ, రేపు వస్తుంది" అంటే మనం నమ్మేస్తాం కదా.

2019 నవంబర్ 22న సెబీ ఆర్డర్ వచ్చింది. కొత్త కస్టమర్లని తీసుకోవద్దు, పాత పవర్ ఆఫ్ అటార్నీలు వాడొద్దు అని. ఆ అకౌంట్‌లో చిక్కుకున్నవి 95 వేలకి పైగా క్లయింట్ల షేర్లు. డిసెంబర్ 2న ఎన్ఎస్‌డీఎల్ సుమారు 83 వేల మందికి షేర్లు వెనక్కి ఇచ్చేసింది. వీళ్లంతా పూర్తి డబ్బు కట్టినవాళ్లు. అదే రోజు ఎక్స్ఛేంజ్‌లు కార్వీ ట్రేడింగ్ ఆపేశాయి. మా తాకట్టు సంగతేంటని అప్పిచ్చిన బ్యాంకులు కోర్టు మెట్లెక్కాయి. 2020 నవంబర్‌లో ఎన్ఎస్ఈ కార్వీని డిఫాల్టర్‌గా ప్రకటించింది. 2021 ఆగస్టులో చైర్మన్ సి. పార్థసారథిని హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ కంపెనీనీ, ఆయన్నీ ఏడేళ్లు మార్కెట్ నుంచి నిషేధించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కస్టమర్ డబ్బు, బ్రోకర్ డబ్బు వేరు వేరు బ్యాంక్ అకౌంట్లలో ఉండాలనే రూల్ 1993 నుంచే ఉంది. కస్టమర్ షేర్లు బ్యాంకులకి తాకట్టు పెట్టొద్దని 2019 జూన్‌లోనే సెబీ స్పష్టంగా చెప్పింది. అంటే రూల్ లేక కాదు. రూల్ ఉన్నా, తాళం చెవి బ్రోకర్ చేతిలో ఉంది. కార్వీ తర్వాత జరిగిన అసలు మార్పు ఆ తాళం చెవిని తీసేయడమే.

2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం షేర్లు బ్రోకర్ అకౌంట్‌కి వెళ్లవు, మీ డీమ్యాట్‌లోనే ప్లెడ్జ్ అవుతాయి. దానికి డిపాజిటరీ మీకే ఓటీపీ పంపుతుంది. 2022 నవంబర్ నుంచి ఆ విశాలమైన పవర్ ఆఫ్ అటార్నీ బదులు డీడీపీఐ అనే చిన్న అధికారపత్రం వచ్చింది. మీరు అమ్మిన షేర్లు డెలివరీ ఇవ్వడం, ప్లెడ్జ్ చేయడం లాంటి కొన్ని పనులకే అది పనికొస్తుంది. అది కూడా తప్పనిసరి కాదు, ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ మీరే పిన్, ఓటీపీ కొడతారు. 2023 నుంచి క్లయింట్ల క్యాష్‌ని బ్రోకర్ తన దగ్గర ఉంచుకోకుండా క్లియరింగ్ కార్పొరేషన్‌కి పంపాలి.

సరే, ఇవన్నీ దాటి కూడా బ్రోకర్ మునిగిపోతే? అప్పుడు ఎక్స్ఛేంజ్ దగ్గరున్న ఇన్వెస్టర్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంటుంది. కార్వీ సమయానికి ఎన్ఎస్ఈలో ఒక్కో ఇన్వెస్టర్‌కి గరిష్ఠంగా 25 లక్షలు. మన రైతు లెడ్జర్‌లో చిక్కుకున్న 40 వేలు ఇందులోనే క్లెయిమ్ చేయాలి. అడక్కుండా రాదు: ఎక్స్ఛేంజ్ నోటీస్ ఇస్తుంది, గడువులోగా కాంట్రాక్ట్ నోట్లు, లెడ్జర్, బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టి అడగాలి. కార్వీ వాళ్లకి ఆ చివరి గడువు 2025 జూన్ 2 దాకా సాగింది.

కానీ ఈ ఫండ్ అన్నిటికీ గొడుగు కాదు. ఆప్షన్స్‌లో పోయిన డబ్బు రాదు. "నెలకి రెండు శాతం గ్యారంటీ అండీ" అని బ్రోకర్ మనిషి తీసుకున్న డబ్బూ రాదు, ఎందుకంటే అది ఎక్స్ఛేంజ్‌లో జరిగిన ట్రేడ్ కాదు. మన బెజవాడవాళ్లకి ఈ తేడా వేరే చెప్పాలా? అగ్రిగోల్డ్‌లో కట్టినవాళ్లకి ఇలాంటి ఫండే లేదు, ఎందుకంటే ఆ స్కీమ్‌కి సెబీ రిజిస్ట్రేషనే లేదు. చివరికి చిన్న డిపాజిటర్లకి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి ఇవ్వాల్సి వచ్చింది. అమెరికాలో ఇదే పని 1970లో పెట్టిన ఎస్ఐపీసీ చేస్తుంది, గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు. అక్కడ కూడా మార్కెట్ నష్టానికి పైసా రాదు.

కాబట్టి బ్రోకర్‌ని ఎంచుకునేటప్పుడు ఈ పనులు చేయండి. సెబీ సైట్‌లో INZ తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ వెతికి, అక్కడున్న కంపెనీ పేరు మీ యాప్ కంపెనీ పేరుతో ఒకటేనా చూడండి. డబ్బు వేసేటప్పుడు వ్యక్తి పేరున్న అకౌంట్‌కి అస్సలు వేయొద్దు. బ్రోకర్ యూపీఐ ఐడీలో `.brk` ఉండి, దాని తర్వాత `@valid` తో మొదలవ్వాలి. ఇక డిపాజిటరీ నుంచి మెయిల్‌కి కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడల్లా తెరిచి, యాప్‌లో కనిపించే షేర్ల సంఖ్యతో పోల్చండి. నిన్నా ఇవాళా చేసిన ట్రేడ్ వల్ల కాకుండా ఒక్క షేర్ తేడా ఉన్నా బ్రోకర్‌కి రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే సెబీ స్కోర్స్‌లో కంప్లైంట్ పెట్టండి.

ఆ రైతు 2018లో ఈ చివరి పని ఒక్కటి చేసి ఉంటే, షేర్లు వెళ్లిన నెలలోనే తెలిసేది. ఈ వీడియో ఆపాక మీ మెయిల్‌లో ఆ స్టేట్‌మెంట్ ఎక్కడుందో వెతకండి. ఎప్పుడూ తెరవకపోతే ముందు పాస్‌వర్డ్‌గా మీ పాన్ నంబర్ క్యాపిటల్ అక్షరాల్లో కొట్టి చూడండి.