గోల్ఫ్ క్లబ్ ఫిట్టింగ్: షాఫ్ట్ పొడవు, లై కోణం

ఆటగాడి శరీరానికి, స్వింగ్‌కు తగ్గట్టు గోల్ఫ్ క్లబ్ కొలతలు సరిచేయడాన్ని ఫిట్టింగ్ అంటారు. సరదాగా ఆడేవారిలో బాగా పొడవైనవారికీ, పొట్టివారికీ ఇందులో ముందు చూడాల్సినవి షాఫ్ట్ పొడవు, లై కోణం.

షాఫ్ట్ పొడవును ఎత్తు ఒక్కటే తేల్చదు. చదునైన చెప్పులతో నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడదీసి, మణికట్టు మడత నుంచి నేలకు ఎంత దూరమో కొలుస్తారు. అది సుమారు 34 నుంచి 36 అంగుళాలైతే మామూలు పొడవు సాధారణంగా సరిపోతుంది. చేతులు పొడవుగా ఉన్న 6 అడుగుల 3 అంగుళాల మనిషికీ, చేతులు పొట్టిగా ఉన్న 5 అడుగుల 10 అంగుళాల మనిషికీ ఈ కొలత దాదాపు ఒక్కటే కావచ్చు. పొడగరి అనగానే పొడవు క్లబ్ అమ్మజూపడం సరైన పద్ధతి కాదు.

క్లబ్ అడుగుభాగం నేలపై సమంగా ఆనినప్పుడు షాఫ్ట్‌కూ నేలకూ మధ్య ఏర్పడేదే లై కోణం. 7-ఐరన్‌లో ఇది సుమారు 62–63 డిగ్రీలు. పొడగరి చేతులు ఎత్తులో ఉంటే క్లబ్ టో, అంటే తల కొస, కిందికి వాలుతుంది. కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపు పోతుంది. పొట్టివారికి టో పైకి లేచి, మడమ నేలను తవ్వి, బంతి ఎడమకు మళ్లుతుంది. లాఫ్ట్ ఎక్కువయ్యేకొద్దీ ఈ మళ్లింపు పెరుగుతుంది. 2 డిగ్రీల తేడాకు 34 డిగ్రీల లాఫ్ట్ ఉన్న ఐరన్‌తో 140 గజాల షాట్ దాదాపు 3 గజాలు తప్పుతుంది. డ్రైవర్‌లో తేడా చాలా స్వల్పం.

ఒక ఉదాహరణ: మణికట్టు కొలత 38 అంగుళాలున్న కుడిచేతి ఆటగాడి ఐరన్ షాట్లు కుడికి పోతున్నాయి. క్లబ్ అడుగున టేపు అంటించి గట్టి ప్లాస్టిక్ పలకపై నుంచి కొట్టిస్తే గీత టో వైపు పడింది. ముందు షాఫ్ట్‌ను అర అంగుళం పెంచుతారు. చేతుల ఎత్తు మారకపోతే ఇది ఒక్కటే దాదాపు 1 డిగ్రీ నిటారు చేసినట్టవుతుంది. అందుకే పొడవు తేలాకే లై చూడాలి. మళ్లీ కొట్టించినా గీత టో వైపే ఉంటే అప్పుడే తల మెడను వంచుతారు. టేపు లేకపోతే బంతి వెనుక మార్కర్‌తో నిలువు గీత గీసి కొట్టవచ్చు. ముఖంపై అచ్చు నిటారుగా పడితే లై సరైనది; గీత పైకొస టో వైపు వాలితే లై ఎక్కువ నిటారుగా ఉన్నట్టు, మడమ వైపు వాలితే తక్కువైనట్టు.

పొట్టివారికి అర అంగుళం కోయిస్తే క్లబ్ సుమారు 3 స్వింగ్‌వెయిట్ పాయింట్లు తేలికై, తల బరువు చేతికి తెలియకుండా పోతుంది. తలకు కొంత బరువు చేర్చాలి. పింగ్ సంస్థ ఐరన్లపై లై కోణాన్ని రంగు చుక్కలతో గుర్తిస్తుంది, నలుపు ప్రామాణికం. మెత్తని ఫోర్జ్‌డ్ ఐరన్లు సులభంగా వంగుతాయి. గట్టి స్టీలుతో పోతపోసినవాటిని ఒకటి రెండు డిగ్రీలకు మించి వంచితే విరిగే ప్రమాదం ఉంది. అంతకు మించి తేడా కావాలంటే, కొనేటప్పుడే తగిన లైతో తీసుకోవాలి.