గడియారానికి వెండి ఎందుకు?

1960లో అమెరికాలోని బులోవా కంపెనీ అక్యుట్రాన్ అనే చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో టిక్కుటిక్కుమనే చక్రం లేదు. సెకనుకు 360 సార్లు కంపించే చిన్న శ్రుతిదండం ఉంది. దాన్ని తీర్చిదిద్దినవాడు మాక్స్ హెట్జెల్ అనే స్విస్ ఇంజనీరు. దండం ఊగినప్పుడల్లా దానికి అతికించిన సన్నని తీగ, చివరనున్న కెంపురాయితో 300 పళ్లున్న చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ముందుకు లాగుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే తుమ్మెద ఝంకారంలా వినిపించేది.

దండం ఎంత విస్తారంగా ఊగుతుందన్నది సెల్లు ఇచ్చే వోల్టేజీ మీద ఆధారపడి ఉంటుంది. అక్యుట్రాన్‌ను 1.35 వోల్టుల పాదరసపు సెల్లు కోసం రూపొందించారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో శామ్యూల్ రూబెన్ సైన్యం రేడియోల కోసం తయారుచేసిన ఆ సెల్లుకు ఒక గొప్ప గుణం ఉంది. కొత్తలో ఎంత వోల్టేజీ ఇచ్చిందో అయిపోయే ముందు దాకా దాదాపు అంతే ఇస్తుంది. పాదరసం విషం కాబట్టి 1996లో అమెరికా ఆ సెల్లు అమ్మకాన్ని చట్టం చేసి ఆపింది. అప్పటినుంచి పాత అక్యుట్రాన్‌లు దాచుకున్నవాళ్లకు చిక్కొచ్చిపడింది. బదులుగా 1.55 వోల్టుల వెండి సెల్లు వేస్తే కొన్ని గడియారాల్లో దండం మరీ విస్తారంగా ఊగి, ఒక్క పంటికి బదులు ఎక్కువ పళ్లు లాగేస్తుంది. ముల్లు పరుగందుకుంటుంది. వోల్టులో అయిదో వంతు తేడాకే కాలం తప్పిపోతుందన్నమాట. చేతి గడియారం సెల్లు నుంచి కోరుకునేది పెద్ద శక్తి కాదు, మాట తప్పని వోల్టేజీ.

1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసింది. వెల 4,50,000 యెన్లు. పదేళ్లు తిరిగేసరికి క్వార్ట్జ్ సామాన్యుడి చేతికి వచ్చింది. మన హైదరాబాద్ ఆల్విన్ చేతి గడియారాల తయారీకి చేయి కలిపింది కూడా ఈ సీకోతోనే. ముళ్లున్న క్వార్ట్జ్ గడియారాల్లో ఎక్కువగా స్థిరపడిపోయింది సిల్వర్ ఆక్సైడ్ సెల్లు. దాని పక్కనే అదే కొలతలో, అదే మెరుపుతో, అందులో కొంత వెలకే దొరికే ఆల్కలైన్ సెల్లు ఉంది. దీని మూలం 1950ల చివర అమెరికాలో ఎవరెడీ సెల్లుల సంస్థలో పనిచేసిన కెనడా ఇంజనీరు లూయిస్ అరీ, ఆయన సహచరులు చేసిన పని. వెండిది ఎస్‌ఆర్44, ఆల్కలైన్‌ది ఎల్‌ఆర్44. రెండూ 11.6 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మిల్లీమీటర్ల మందం. పక్కపక్కన పెడితే అక్షరం చదివితే తప్ప గుర్తుపట్టలేం.

లోపల కూడా సగం ఒకటే. రెండింటిలోనూ ఒక పక్క జింకు పొడి, మధ్యలో క్షారద్రావణం. జింకు ఆక్సైడ్‌గా మారుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి గడియారం గుండా తిరిగి రెండో పక్కకు చేరతాయి. తేడా అంతా ఆ రెండో పక్కన వాటిని అందుకునే పదార్థంలోనే ఉంది. ఎస్‌ఆర్‌లో సిల్వర్ ఆక్సైడ్, ఎల్‌ఆర్‌లో మాంగనీస్ డయాక్సైడ్.

సిల్వర్ ఆక్సైడ్ ఎలక్ట్రాన్లను అందుకున్నప్పుడు తన ఆక్సిజన్‌ను వదిలేసి అచ్చమైన వెండి అవుతుంది. ఈ వెండి ఆక్సైడ్‌లో కలిసిపోదు. విడిగా రేణువులుగా పక్కన నిలబడుతుంది. సగం వాడిన సెల్లును కోసి చూడగలిగితే అందులో ఆక్సైడ్ రేణువులు వేరు, వెండి రేణువులు వేరు. మిగిలిన ఆక్సైడ్ మొదటిరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది, పరిమాణం తగ్గిందంతే. వోల్టేజీని నిర్ణయించేది పదార్థం స్వభావమే కానీ ఎంత మిగిలిందన్నది కాదు. మంచుముక్కలు వేసిన గ్లాసు నీళ్లను తలచుకోండి. కలుపుతూ ఉంటే, ముక్కలు పది ఉన్నా ఒకటే మిగిలినా నీళ్లు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆఖరి ముక్క కరిగాకే వేడెక్కడం మొదలుపెడతాయి. రెండుచోట్లా పనిచేసేది ఒకే సూత్రం. విడివిడిగా నిలిచే రెండు రూపాలు పక్కపక్కన ఉన్నంతసేపూ స్థితి కదలదు. యేల్ విశ్వవిద్యాలయంలో జోసయా విల్లర్డ్ గిబ్స్ 1870ల్లోనే కాగితం మీద రాసిపెట్టిన నియమం ఇది. పాదరసపు సెల్లు నిలకడకు కారణమూ ఇదే. అక్కడ పాదరసపు ఆక్సైడ్ వేరు, పుట్టే పాదరసం వేరు.

ఇంకో మేలు కూడా ఉంది. పుట్టేది వెండి, విద్యుత్తును అంతకన్నా బాగా మోసే లోహం లేదు. వాడుతున్నకొద్దీ ఆ పక్కన దారి మరింత సుగమమవుతుందే తప్ప మూసుకుపోదు. లెక్క మొత్తం మీద ద్రావణంలోని నీరు కూడా ఖర్చు కాదు.

మాంగనీస్ డయాక్సైడ్ దారి వేరు. అది విరిగి కొత్త పదార్థం కాదు. దాని స్ఫటికంలోని సందుల్లోకి నీటి నుంచి హైడ్రోజన్ అయాన్లు, బయటనుంచి ఎలక్ట్రాన్లు చొరబడి అక్కడే ఉండిపోతాయి. పాత పదార్థం ఇక్కడ, కొత్తది అక్కడ అని గీత గీయలేం. మొత్తం రేణువే మెల్లగా మారుతూ పోతుంది. నూరింట పది సందులు నిండినప్పటి పదార్థం వేరు, అరవై నిండినప్పటిది వేరు. తర్వాత వచ్చే ప్రతి ఎలక్ట్రాన్‌కూ ముందుదానికంటే కాస్త తక్కువ ఆదరణ దొరుకుతుంది. అందుకే వోల్టేజీ మొదటిరోజు నుంచే జారుతుంది. 1.5కు పైన మొదలై, సగం ఖర్చయ్యేసరికి 1.2, 1.3 మధ్యకు వచ్చి, వోల్టు దాకా దిగజారుతుంది. పైగా నిండినకొద్దీ స్ఫటికం విద్యుత్తును మోయడం తగ్గుతుంది. దాన్ని తట్టుకోవడానికే ఆ ముద్దలో గ్రాఫైట్ కలుపుతారు.

ఈ వివరణ నిజమని వెండే ఇంకో రకంగా సాక్ష్యమిస్తుంది. వెండికి మరో ఆక్సైడ్ ఉంది, అందులో ఆక్సిజన్ రెట్టింపు. గ్రాము సాధారణ ఆక్సైడ్ 231 మిల్లీయాంపియర్ గంటలిస్తే ఇది 432 ఇస్తుంది. కానీ ఇది రెండు మెట్లలో దిగుతుంది. మొదట 1.8 వోల్టుల దగ్గర చదునుగా నడిచి, సాధారణ ఆక్సైడ్‌గా మారాక 1.6 దగ్గర మళ్లీ చదునుగా నడుస్తుంది. ప్రతి జతకూ ఒక మెట్టు. గడియారానికి ఆ పై మెట్టు పనికిరాదు కనుక, ఈ రెండో ఆక్సైడ్ మీద సాధారణ ఆక్సైడ్ పలుచని పొర కప్పి పై మెట్టును దాచే ఉపాయాలు చేశారు.

అంత తంటా పడటానికి కారణం వెండి ధర. ఎస్‌ఆర్44లో సుమారు 160 మిల్లీయాంపియర్ గంటలు ఉంటాయనుకుంటే దానికి 0.69 గ్రాముల ఆక్సైడ్ కావాలి, అంటే 0.65 గ్రాముల వెండి. ఔన్సు వెండికి నలభై ఎనిమిది సెల్లులు. 1979 మొదట్లో ఔన్సు ఆరు డాలర్ల చుట్టూ ఉండేది. టెక్సాస్‌కు చెందిన హంట్ సోదరులు వెండిని కొని పోగేయడంతో 1980 జనవరిలో అది 50 డాలర్ల అంచుకు చేరింది. ఒక్కో సెల్లులోని వెండే పన్నెండు సెంట్ల నుంచి డాలరుకు ఎగబాకిందన్నమాట. మార్చిలో ధర కుప్పకూలింది కానీ, వెండి మీద పూర్తిగా ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది.

కాలిక్యులేటర్ల దగ్గర ఈ బేరం ఎలా తేలిందో చెప్పడానికి 1981లో హ్యూలెట్ ప్యాకార్డ్ తెచ్చిన హెచ్‌పీ-12సీ మంచి సాక్షి. బ్యాంకులవాళ్లు, ఫైనాన్సువాళ్లు వదలకుండా వాడిన యంత్రమది. మొదటి తరాలది మూడు బటన్ సెల్లులతో నడిచేది. ఆల్కలైన్ వేసుకోండి, వెండివి వేసుకోండి అని దాని పుస్తకం రెండింటికీ అనుమతిచ్చింది. వెండివైతే రెట్టింపు కంటే ఎక్కువ గంటలు నడుస్తుందని కూడా చెప్పింది. సెల్లు తగ్గినప్పుడు తెర ఎడమ మూలన ఒక నక్షత్రం మిణుకుమంటుంది. అది కనబడ్డాక ఆల్కలైన్ అయితే ప్రోగ్రాము ఇంకా కనీసం రెండు గంటలు నడుస్తుందట. వెండి అయితే పావుగంట. ఆపి పక్కన పెడితే అందులో దాచుకున్న అంకెలు ఆల్కలైన్‌తో నెల, వెండితో వారం నిలుస్తాయట.

మంచి సెల్లు తక్కువ గడువిస్తోందేమిటని అనిపిస్తుంది. కానీ ఇదంతా ఆ చదును గీత ఫలితమే. నక్షత్రం వెలిగేది ఒక నిర్ణీత వోల్టేజీ దగ్గర. వాలులో మెల్లగా దిగే ఆల్కలైన్ ఆ హద్దు దాటాక కూడా ఇంకా దిగుతూనే ఉంటుంది. వెండి మాత్రం అంతదాకా కదలకుండా నిలబడి, ఆక్సైడ్ అయిపోగానే నిట్టనిలువునా పడుతుంది. హద్దు దాటిందంటే మిగిలింది ఏమీ లేనట్టే. కాలిక్యులేటరుకు వాలు పెద్ద ఇబ్బంది కాదు. తెర మీద అంకెలు కాస్త పాలిపోతాయి, లెక్క మాత్రం తప్పదు. అందుకే చవకైన కాలిక్యులేటర్లు ఆల్కలైన్‌తో సరిపెట్టుకున్నాయి. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే.

గడియారం సంగతి అలా కాదు. మామూలు ముళ్ల గడియారంలోని ఎస్‌ఆర్626 సెల్లులో దాదాపు 28 మిల్లీయాంపియర్ గంటలు ఉంటాయి. గడియారం సగటున లాగేది మైక్రోయాంపియరు చుట్టూ. భాగిస్తే 28,000 గంటలు, మూడేళ్లకు పైమాట. ఆ మూడేళ్లూ మోటారుకు సెకనుకోసారి అందే చిన్న తోపు ఒకే బలంతో ఉండాలి. ఎన్నో క్వార్ట్జ్ గడియారాల్లో సెల్లు 1.4 వోల్టుల దరిదాపులకు దిగితే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతుంది. కొన్ని స్విస్ యంత్రాల్లో నాలుగేసి. సెల్లు మార్చమని చెప్పే ఏర్పాటు అది. వెండి సెల్లు వేసినప్పుడే దానికి అర్థం. ఆల్కలైన్ వేస్తే సగం కూడా ఖర్చు కాకముందే ఆ హద్దు దాటిపోతుంది. ముల్లు గంతులు మొదలుపెడుతుంది. సెల్లు వేసి కొన్ని నెలలే అయింది కదా, గడియారం చెడిందనుకుంటారు. చాలాసార్లు చెడేది గడియారం కాదు, లోపల ఉన్న ఎల్ అక్షరం. కనుక వెనక మూత తీసినప్పుడు ముందు చదవాల్సింది సెల్లు మీది మొదటి అక్షరమే.

మీటరుతో కొలిచేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఆల్కలైన్ సెల్లు 1.35 చూపితే ఎంత ఖర్చయిందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. వెండి సెల్లు 1.55 చూపితే అది నిన్న వేసిందో, రెండేళ్ల కిందట వేసిందో ఆ అంకె చెప్పదు. 1.5కు కిందికి వచ్చిందంటే మాత్రం పని అయిపోయినట్టే. అందుకే వెండి సెల్లు వేసిన తేదీని మూత లోపల చిన్న అక్షరాలతో రాసిపెట్టుకోవడం మేలు.