ఒకే పేరు కింద రెండు సిద్ధాంతాలు: పాఠ్యపుస్తకాల్లో విపర్యయం, విలోమం, ప్రతివర్తితం

పదో తరగతి జ్యామితిలో తరచూ కనిపించే అభ్యాసం ఒకటుంది. మూడు భుజాల కొలతలు ఇచ్చి, ఆ త్రిభుజం లంబకోణ త్రిభుజమా కాదా తేల్చమంటారు. కొలతలు 7, 24, 25 అయితే 49కి 576 కలిపి 625 రాబట్టి, అది 25 వర్గమే కనుక లంబకోణ త్రిభుజమని రాస్తారు. కొలతలు 3, 6, 8 అయితే 9కి 36 కలిపితే 45 వస్తుంది, 8 వర్గం 64 కనుక కాదని రాస్తారు. రెండు జవాబులూ సరైనవే. కానీ వాటికి చూపే కారణం చాలాసార్లు ఒకటే ఉంటుంది: రెండింటికీ ‘పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం’ అనో, రెండింటికీ ‘దాని విపర్యయం ప్రకారం’ అనో రాసేస్తారు. ఈ రెండు జవాబులూ రెండు వేర్వేరు సిద్ధాంతాల మీద నిలుస్తున్నాయని, నియత ప్రవచనపు నాలుగు రూపాల్లో ఏది దేనితో తుల్యమో తెలియకపోతే ఆ తేడా కనిపించదని ఈ వ్యాసం వాదన.

‘p అయితే q’ అనే ప్రవచనాన్ని p ⇒ q అని రాస్తాం. రెండు భాగాలను తారుమారు చేస్తే q ⇒ p, ఇది విపర్యయం. తారుమారు చేయకుండా రెండింటినీ వ్యతిరేకిస్తే ~p ⇒ ~q, ఇది విలోమం. తారుమారూ చేసి, వ్యతిరేకమూ చేస్తే ~q ⇒ ~p, ఇది ప్రతివర్తితం. వీటిలో ఏవి తుల్యమో చెప్పడానికి సత్యపట్టిక మొత్తం నింపనక్కర్లేదు, ప్రతి రూపమూ ఎక్కడ ఓడిపోతుందో చూస్తే చాలు. p ⇒ q ఓడిపోయేది ఒక్కచోటే: p నిజమై q అబద్ధమైనప్పుడు. ప్రతివర్తితం ఓడిపోవాలంటే ~q నిజమై ~p అబద్ధం కావాలి, అంటే q అబద్ధమై p నిజం కావాలి. ఇది మొదటి చోటే. కాబట్టి ఒకదానికి ప్రత్యుదాహరణ అయినది రెండోదానికీ ప్రత్యుదాహరణే. అలాగే విపర్యయమూ విలోమమూ ఓడిపోయేది కూడా ఒకే చోట: q నిజమై p అబద్ధమైనప్పుడు. ఉన్నవి నాలుగు రూపాలే కానీ అవి చెప్పే విషయాలు రెండే.

ఇప్పుడు అభ్యాసానికి వద్దాం. త్రిభుజం ABCలో ‘C లంబకోణమైతే AC² + BC² = AB²’ అన్నది పైథాగరస్ సిద్ధాంతం. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో ఇది 47వ ప్రతిపాదన. దాని ప్రతివర్తితం: ఆ సమానత్వం లేకపోతే C లంబకోణం కాదు. 3, 6, 8 కొలతల త్రిభుజానికి కావలసింది ఇదే. లంబకోణ త్రిభుజంలో లంబకోణమే అన్నిటికన్నా పెద్ద కోణం, దానికి ఎదురుగా ఉండేది పెద్ద భుజం. కాబట్టి ఈ త్రిభుజంలో లంబకోణం ఉంటే గింటే 8కి ఎదురుగానే ఉండాలి, 45కు 64 సమానం కాదు కనుక అక్కడా లేదు. ఇక్కడ విపర్యయం అవసరం ఎక్కడా రాలేదు. 7, 24, 25 విషయం వేరు. సమానత్వం నుంచి లంబకోణానికి వెళ్లాలంటే విపర్యయం కావాలి, అది 48వ ప్రతిపాదన. దానికి యూక్లిడ్ విడిగా రుజువు ఇచ్చాడు. BCకి C దగ్గర లంబంగా, ACకి సమానంగా CD గీస్తాడు. DCB నిర్మాణం వల్లే లంబకోణ త్రిభుజం, కనుక 47వ ప్రతిపాదన ప్రకారం DB² = DC² + BC², అది AB²కి సమానం. అప్పుడు రెండు త్రిభుజాల మూడు భుజాలూ సమానం, అవి సర్వసమానం, కాబట్టి ACB కూడా లంబకోణమే. ఈ రుజువు పాత సిద్ధాంతాన్ని వాడుకుంటుంది, కానీ దానితోనే ఆగదు, భు.భు.భు. సర్వసమానత్వం కూడా తోడు కావలసి వచ్చింది.

విపర్యయమూ విలోమమూ ఒకటేననడానికి సాక్ష్యం ఆ గ్రంథంలోనే ఉంది. రెండో పుస్తకంలోని 12, 13 ప్రతిపాదనలు అధిక కోణానికి ఎదురు భుజం మీది వర్గం మిగతా రెండు వర్గాల మొత్తం కన్నా ఎక్కువనీ, లఘు కోణానికి ఎదురు భుజం మీది వర్గం తక్కువనీ చూపుతాయి. రెండూ కలిపితే ‘C లంబకోణం కాకపోతే సమానత్వం లేదు’ అన్న విలోమం వస్తుంది. అది వచ్చిందంటే విపర్యయమూ వచ్చినట్టే. అందుకే ఈ రెండు పేర్లూ తారుమారైతే నష్టం తక్కువ. హిందీ పాఠ్యపుస్తకాల్లో పైథాగరస్ సిద్ధాంత విపర్యయాన్నే ‘విలోమ్’ అంటారు. పేరు మారినా సత్యం మారదు. అసలు ప్రమాదం మూల ప్రవచనాన్నీ దాని విపర్యయాన్నీ ఒకటిగా చూడడంలో ఉంది.

పైథాగరస్ విషయంలో రెండూ నిజమే కదా, కారణం పేరు ఏది రాస్తేనేం అని ఆక్షేపించవచ్చు. రెండూ నిజం కావడమే ఇక్కడ చిక్కు, ఎందుకంటే తప్పు కారణం కూడా ఒప్పు జవాబునే ఇస్తుంది. విద్యార్థికి అలవాటయ్యే పద్ధతి మాత్రం పైథాగరస్ దగ్గర ఆగిపోదు. ‘రాంబస్ అయితే కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి’ అన్న సిద్ధాంతం తీసుకుందాం. కర్ణాలు లంబంగా లేకపోతే రాంబస్ కాదని చెప్పడం ఒప్పే, అది ప్రతివర్తితం. కానీ (0, 1), (1, 0), (0, −3), (−1, 0) శీర్షాలుగా ఉన్న చతుర్భుజం చూడండి. దాని కర్ణాలు అక్షాల మీదే పడుకుని లంబంగా ఖండించుకుంటాయి, భుజాలు మాత్రం √2, √10, √10, √2. ఇది గాలిపటం ఆకారమే కానీ రాంబస్ కాదు. పైథాగరస్ దగ్గర నిరపాయంగా గడిచిన అడుగే ఇక్కడ తప్పు జవాబు ఇస్తుంది.

నిర్వచనాల్లో ‘అయితే’ రెండు దిక్కులా పనిచేస్తుంది కదా అన్నది రెండో ఆక్షేపణ. ‘రెండు భుజాలు సమానమైతే ఆ త్రిభుజాన్ని సమద్విబాహు త్రిభుజం అంటాం’ అన్నప్పుడు, అలా కానిదాన్ని అలా అనమనే అర్థం కూడా అందులో ఉంది. నిజమే. కానీ నిర్వచనం పేరు పెట్టే ఒప్పందం, సిద్ధాంతం రుజువు కావలసిన మాట. ఒప్పందానికి ఉన్న చనువు సిద్ధాంతానికి లేదు. ఈ తేడా చూపడానికి తెలుగులోనే చక్కని వీలుంది. ‘వర్షం పడితే చెరువు నిండుతుంది’ అంటే వర్షం నుంచి చెరువుకు వెళ్తున్నాం. ‘వర్షం పడితేనే చెరువు నిండుతుంది’ అంటే నిండిన చెరువును చూసి వర్షం పడిందని తేల్చుకుంటున్నాం. చివరన చేరిన ఒక్క ‘ఏ’ ప్రవచనాన్ని దాని విపర్యయంగా మార్చింది. నిర్వచనాల్లో ‘అయితే, అయితేనే’ అని నిండుగా రాస్తే, సిద్ధాంతంలో ఒంటరిగా నిలిచిన ‘అయితే’ ఒకే దిక్కున చూస్తుందని విద్యార్థి గుర్తుపడతాడు.

ప్రతివర్తితం రాసేటప్పుడు వ్యతిరేకం దగ్గర కూడా తప్పు దొర్లుతుంది. ‘x, y రెండూ బేసి అయితే x + y సరి’ అన్నదాని ప్రతివర్తితాన్ని ‘x + y బేసి అయితే x, y రెండూ సరి’ అని రాస్తే, రెండు సరి సంఖ్యల మొత్తం ఎప్పుడూ సరే కనుక అది అబద్ధం. ‘రెండూ బేసి’కి వ్యతిరేకం ‘కనీసం ఒకటి బేసి కాదు’. మూల ప్రవచనం నిజమై దాని ప్రతివర్తితం అబద్ధంగా తేలితే, వ్యతిరేకం తీసుకోవడంలో పొరపాటు జరిగిందన్నమాట. తుల్యత తెలిసినవారికి ఈ పరీక్ష ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

కాబట్టి ఆ అభ్యాసానికి సాధన రాసేవారు, ‘అవును’ అన్న జవాబు కింద ‘పైథాగరస్ సిద్ధాంత విపర్యయం వల్ల’ అనీ, ‘కాదు’ అన్న జవాబు కింద ‘పైథాగరస్ సిద్ధాంతం వల్ల’ అనీ విడివిడిగా రాయాలి. అప్పుడు 48వ ప్రతిపాదనకు వేరే రుజువు ఎందుకు కావలసి వచ్చిందో చదివే పిల్లలకు ఆ రెండు వాక్యాల్లోనే తెలుస్తుంది.