ఫేస్‌బుక్ పేజీ మీదే.. మరి తాళం ఎవరి దగ్గరుంది? అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్ తేడా ఇదే

తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసేవాళ్లకైనా, వికారాబాద్‌లో అనంతగిరి గుట్టల దగ్గర రిసార్ట్ నడిపేవాళ్లకైనా ఇప్పుడు ఫేస్‌బుక్ పేజీయే సైన్‌బోర్డు. కస్టమర్ ఫొటో చూసేది అక్కడే, రేటు అడిగేది అక్కడే. అయితే ఆ పేజీని క్రియేట్ చేసింది ఎవరు? ఇప్పుడు దాని మీద పూర్తి అధికారం ఎవరికుంది? చాలామంది ఓనర్లు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు. పేజీ చేజారిపోయిన రోజే ఆ విషయం గుర్తొస్తుంది.

పేజీకి పాస్‌వర్డ్ ఉండదు

ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఫేస్‌బుక్ పేజీకి సొంతంగా లాగిన్, పాస్‌వర్డ్ అంటూ ఏమీ ఉండవు. మనుషుల పర్సనల్ ప్రొఫైల్స్ ద్వారానే పేజీలోకి వెళ్లాలి. అంటే పేజీని అడ్మిన్ ప్రొఫైల్ మోస్తోందన్నమాట. ఒక్కరే అడ్మిన్ ఉండి, ఆయన ప్రొఫైల్ హ్యాక్ అయినా, ఫేస్‌బుక్ దాన్ని ఆపేసినా, ఆయన మనిషే లేకపోయినా పేజీ తలుపు మూసుకుపోతుంది. పోస్టులు, ఫాలోవర్లు అలాగే కనిపిస్తుంటారు. లోపలికి వెళ్లే దారి మాత్రం ఉండదు.

ఇంకో విషయం ఉంది. పేజీకి ఫుల్ కంట్రోల్ ఉన్న ఏకైక వ్యక్తి తన ప్రొఫైల్‌ను శాశ్వతంగా డిలీట్ చేస్తే, ఆ ప్రొఫైల్‌తో పాటు పేజీ కూడా డిలీట్ అయిపోతుంది. 'ఫేస్‌బుక్ బంద్ చేస్తా' అని ఎవరైనా అన్నప్పుడు, వాళ్ల చేతిలో ఏ పేజీ ఉందో ముందే చూసుకోవాలి.

పాత పేర్లు.. కొత్త పేర్లు

ఇదివరకు పేజీలో ప్రధానంగా ఐదు రోల్స్ ఉండేవి. అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్, అడ్వర్టైజర్, అనలిస్ట్. 2021లో ఫేస్‌బుక్ కొత్త తరహా పేజీలు తెచ్చాక స్క్రీన్ మీద ఈ పేర్లు మారాయి. అందరి నోటా మాత్రం పాత పేర్లే నడుస్తున్నాయి. కాబట్టి రెండూ కలిపి చూద్దాం.

అడ్మిన్ అంటే ఇప్పుడు Facebook access with full control. ఈయన పోస్టులు పెట్టొచ్చు, సెట్టింగ్స్ మార్చొచ్చు, కొత్తవాళ్లను చేర్చొచ్చు, ఉన్నవాళ్లను తీసేయొచ్చు, పేజీనే డిలీట్ చేయొచ్చు. ముఖ్యంగా తనతో సమానమైన ఇంకో అడ్మిన్‌ను కూడా తీసేయొచ్చు. పేజీ మొదలుపెట్టింది నేనే కదా అంటే అక్కడ చెల్లదు.

ఎడిటర్ అంటే ఇప్పుడు Facebook access with partial control. పోస్టులు, వీడియోలు, మెసేజ్‌లు, కామెంట్లు, యాడ్స్ అన్నీ చూసుకోవచ్చు. ఎవరికి యాక్సెస్ ఉండాలనేది మాత్రం ఈయన చేతిలో ఉండదు. అందుకే ఎడిటర్ ప్రొఫైల్ హ్యాక్ అయితే చెడ్డ పోస్టు పడొచ్చు గానీ, ఓనర్‌ను బయటికి గెంటే అవకాశం ఉండదు.

మోడరేటర్ పని మెసేజ్‌లకు జవాబులు, కామెంట్ల అదుపు. పేజీ తరఫున కొత్త పోస్టు పెట్టే అవకాశం పాత పద్ధతిలోనూ ఈయనకు ఉండేది కాదు. ఇప్పుడు ఇది Task access కిందకు వచ్చింది. ఏ పని అప్పగించాలో టిక్ పెట్టి ఇవ్వొచ్చు. అడ్వర్టైజర్, అనలిస్ట్ కూడా ఇందులోనే కలిశాయి. ఒకరికి యాడ్స్, ఇంకొకరికి లెక్కలు చూసే Insights.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. Task access ఇచ్చిన మనిషికి మామూలు ఫేస్‌బుక్ యాప్‌లో పేజీలోకి మారే ఆప్షన్ రాదు. 'సేటూ, నాకు పేజీ కనిపిస్తలేదు' అని ఫోన్ వస్తుంది. కంగారుపడి ఆయనకు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయకూడదు. మెటా బిజినెస్ సూట్ యాప్ వేసుకోమంటే చాలు, పని అక్కడ నడుస్తుంది.

ఒక దుకాణం పేజీ చూద్దాం

తాండూరులో ఒక నాపరాళ్ల దుకాణం ఉందనుకుందాం. పేజీని సేటు తమ్ముడి కొడుకు కాలేజీ రోజుల్లో తన ప్రొఫైల్‌తో చేశాడు. అతనొక్కడే అడ్మిన్. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, పేజీ చూసే తీరిక లేదు. దుకాణంలో ఒక కుర్రాడు మెసేజ్‌లకు రేట్లు చెబుతాడు. వికారాబాద్‌లో ఒక వీడియో ఎడిటర్ వారానికి రెండు వీడియోలు చేసిస్తాడు. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ యాడ్స్ నడుపుతుంది.

ఇలాంటి చోట సాధారణంగా జరిగేది ఏమిటంటే, అబ్బాయి తన పాస్‌వర్డ్‌ను నలుగురికీ వాట్సాప్‌లో పంపేస్తాడు. మూడు ఊళ్లలో నాలుగు ఫోన్లలో ఒకే ప్రొఫైల్ తెరుచుకుంటే ఫేస్‌బుక్‌కు అనుమానం వచ్చి లాక్ చేయొచ్చు. అప్పుడు కోడ్ వెళ్లేది అబ్బాయి పాత నంబర్‌కు. ఆ సిమ్ ఎప్పుడో రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటే కథ అక్కడితో ముగిసినట్టే.

మరి ఎవరికి ఏమివ్వాలి? ఫుల్ కంట్రోల్ సేటుకు ఉండాలి. ఆయనతో పాటు ఇంట్లోనే ఇంకొకరికి, భార్యకో కూతురికో ఉండాలి. ఇద్దరి ఫోన్లు, ఇద్దరి నంబర్లు వేరువేరుగా ఉండాలి. ఒకరి ప్రొఫైల్ పోయినా రెండోవాళ్లు తలుపు తీయగలగాలి, అంతే లెక్క. ఐదారుగురికి ఫుల్ కంట్రోల్ ఇస్తే భద్రత పెరగదు. దొంగ రావడానికి ఐదారు తలుపులు పెట్టినట్టవుతుంది.

వీడియో ఎడిటర్‌కు పార్షియల్ కంట్రోల్ సరిపోతుంది. దుకాణం కుర్రాడికి Task accessలో మెసేజ్‌లు, కామెంట్లు చాలు. ఏజెన్సీకి యాడ్స్, ఇన్‌సైట్స్ చాలు.

చేర్చడం ముందు.. తీసేయడం తర్వాత

లాకౌట్ చాలాసార్లు వరుస తప్పడం వల్లే వస్తుంది. సరైన వరుస ఇది.

ఒకటి. అబ్బాయి తన ఫోన్‌లో పేజీలోకి మారి Settings & privacy, Settings, Page setup, Page access అనే వరుసలో వెళ్లాలి. కొన్ని ఫోన్లలో Page access అనేది Professional dashboard లోపల ఉంటుంది.

రెండు. People with Facebook access పక్కనున్న Add New నొక్కి సేటు ప్రొఫైల్‌ను వెతకాలి. ఒకే పేరుతో పది ప్రొఫైల్స్ కనిపిస్తాయి కాబట్టి ఫొటో చూసి సరైనదే ఎంచుకోవాలి. సేటును పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే ఇంకా మంచిది. తర్వాత Allow this person to have full control అనే బటన్ ఆన్ చేయాలి. అది ఆన్ చేయకపోతే పార్షియల్ కంట్రోలే వెళ్తుంది. చివర్లో Give Access నొక్కితే అబ్బాయి తన పాస్‌వర్డ్ కొట్టాలి.

మూడు. ఇంతటితో పని అయిపోలేదు. ఇది ఆహ్వానం మాత్రమే. సేటు తన ఫోన్‌లో దాన్ని ఒప్పుకోవాలి. అప్పటిదాకా అది పెండింగ్‌లోనే ఉంటుంది, కొంతకాలానికి గడువు తీరిపోతుంది. 'పంపిన కదా పెదనాయనా' అని అబ్బాయి బస్సెక్కేస్తే సేటు చేతికి ఏమీ రానట్టే.

నాలుగు. ఇదే అసలు పరీక్ష. సేటు తన ఫోన్‌లోనే Page access తెరిచి, రెండో మనిషిని, అంటే ఇంట్లోవాళ్లను, ఫుల్ కంట్రోల్‌తో తనే చేర్చాలి. అది జరిగిందంటే అధికారం నిజంగా వచ్చినట్టు. Add New కనిపించకపోతే వచ్చింది పార్షియల్ మాత్రమే. అబ్బాయి దగ్గర ఇంకా అధికారం ఉండగానే సరిచేయించుకోవాలి.

ఐదు. రెండో మనిషి కూడా ఒప్పుకున్నాక, ఇద్దరి ఫోన్లలో పేజీ తెరుచుకుంటోందని చూశాకే అబ్బాయి రోల్ తగ్గించాలి లేదా తీసేయాలి. కుర్రాడికి, ఎడిటర్‌కు, ఏజెన్సీకి యాక్సెస్ ఆ తర్వాతే.

ఫుల్ కంట్రోల్ ఉన్న ఇద్దరూ తమ సొంత ప్రొఫైల్స్‌కు టూ ఫ్యాక్టర్ పెట్టుకోవాలి. అక్కడ వచ్చే రికవరీ కోడ్స్‌ను ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఫోన్ పోయిన రోజు అవే పనికొస్తాయి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

ఏజెన్సీ విషయంలో జాగ్రత్త

ఏజెన్సీలు మెటాలో బిజినెస్ పోర్ట్‌ఫోలియో అనే ఖాతా నడుపుతాయి. ఒక పేజీకి ఓనర్‌గా ఒక్క పోర్ట్‌ఫోలియోనే ఉండగలదు. ఏజెన్సీ మీ పేజీని తన పోర్ట్‌ఫోలియోలో ఓనర్‌గా చేర్చుకుంటే, రేపు వాళ్లతో తేడా వచ్చినప్పుడు పేజీ అక్కడే ఇరుక్కుంటుంది. వాళ్ల నుంచి రిక్వెస్ట్ వస్తే ఓకే నొక్కేముందు చదవాలి. అది యాక్సెస్ అడుగుతోందా, ఓనర్‌షిప్ అడుగుతోందా? యాక్సెస్ అయితే ఇవ్వొచ్చు. ఓనర్‌షిప్ అయితే వద్దు.

దుకాణం పేరుతో ఉత్తుత్తి ప్రొఫైల్ చేసి దాన్ని అడ్మిన్‌గా పెట్టడమూ ప్రమాదమే. నిజమైన మనిషి లేని ప్రొఫైల్స్‌ను ఫేస్‌బుక్ తీసేస్తుంది. గుర్తింపు కార్డు అడిగితే దుకాణానికి ఆధార్ ఉండదు కదా!

ఇప్పటికే చేజారితే?

ముందు ఫుల్ కంట్రోల్ ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతకాలి. ఒక్కరు దొరికినా మిమ్మల్ని తిరిగి చేర్చగలరు. ఎడిటర్ ఉన్నా లాభం లేదు, తనకు తాను అడ్మిన్‌గా ఎదగలేడు. అడ్మిన్ ప్రొఫైల్ హ్యాక్ అయితే, అతను ఇదివరకు వాడిన ఫోన్ నుంచే facebook.com/hacked తెరిచి ముందు ఆ ప్రొఫైల్‌ను తిరిగి తెచ్చుకోవాలి. ప్రొఫైల్ వస్తే పేజీ కూడా రావచ్చు. కానీ ఆలోపు దొంగ అతన్ని పేజీ నుంచి తీసేసి ఉంటే, ప్రొఫైల్ వచ్చినా పేజీ రాదు. రెండో అడ్మిన్ ఉండి, తెలిసిన వెంటనే హ్యాక్ అయిన ప్రొఫైల్‌ను పేజీ నుంచి తీసేస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

కాబట్టి ఈ రోజే ఒకసారి Page access తెరిచి చూడండి. అందులో ఫుల్ కంట్రోల్ కింద ఒక్క పేరే ఉంటే, అది మీదే అయినా సరే, రెండో పేరు చేర్చండి. పని మానేసి వెళ్లినవాళ్ల పేరు కనిపిస్తే, రెండో పేరు చేరాకే దాన్ని తీసేయండి.