నేరేడు రసంలో గులాబీ చుక్క

జూన్ నెల సగం గడిచేసరికి మా రాజమండ్రి వీధుల్లోకి నేరేడు పళ్ళ గంపలు దిగుతాయి. ఒక ఏడాది మా డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం పళ్ళ రసాల్లో సి విటమిన్ కొలుస్తామన్నారు. నిమ్మరసం ఇట్టే లొంగింది. జామ కాస్త ఓపిక పట్టించినా చివరికి లెక్క తేలింది. నేరేడు దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. కొలతకు వాడే రంగు మందు ఆమ్లంలో గులాబీగా ఉంటుంది. రసంలోని విటమిన్ అయిపోయేదాకా పడిన ప్రతి చుక్కా తెల్లబడుతుంది, అయిపోయాక పడిన చుక్క లేత గులాబీగా నిలుస్తుంది. నేరేడు రసమే ముదురు ఎరుపులో ఉంటే ఆ లేత గులాబీని ఎక్కడ వెతకాలి?

"మేడం, బొగ్గుతో రంగు తీసేస్తేనో?" అంది ఒకమ్మాయి. పంచదార పాకాన్ని తెల్లబరిచేది బొగ్గే కదా అని నేనూ సరేనన్నాను. యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి కలిపి వడకడితే రసం నీళ్ళలా దిగింది. అందరి ముఖాలూ వెలిగాయి. బ్యూరెట్ తిప్పగానే మొదటి చుక్కే గులాబీగా నిలిచిపోయింది. లెక్క ప్రకారం విటమిన్ సున్నా.

ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పాలంటే ఈ పద్ధతి పుట్టిన రోజులకు వెళ్ళాలి.

1920లలో ఒక పండులో సి విటమిన్ ఎంతుందో తెలియాలంటే గినీపందులే దిక్కు. వాటికి విటమిన్ లేని మేత పెట్టి, కొలవాల్సిన రసం కొద్దికొద్దిగా ఇస్తూ స్కర్వీ వస్తుందో రాదో చూసేవారు. అమెరికాలో షెర్మన్ బృందం పద్ధతిలో ఒక్కో పరీక్షకు 90 రోజులు పట్టేది. అదే కాలంలో అమెరికాలోనే మాన్స్‌ఫీల్డ్ క్లార్క్ బృందం వేరే పని మీద ఇండోఫినాల్ రంగుల్ని పరిశీలిస్తోంది. వీటికి ఎలక్ట్రాన్లు అందితే రంగు పోతుంది. ఆ రంగుల్లో ఒకటైన డైక్లోరోఇండోఫినాలే మా కొలతకు వాడిన రంగు మందు.

లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో జిల్వా 1927లో నిమ్మరసం ఇండోఫినాల్ రంగును పోగొడుతుందని గమనించాడు. కానీ రసానికి ఆ శక్తి పోయాక కూడా కొంతసేపు స్కర్వీని ఆపే గుణం మిగిలే ఉంది. కాబట్టి రంగు పోగొట్టేది విటమిన్ కాదు, దానికి కాపలాగా ఉన్న మరేదో పదార్థం అనుకున్నాడు. ఆయన చూసింది నిజమే, అర్థం చేసుకోవడంలోనే తేడా వచ్చింది. ఆస్కార్బిక్ ఆమ్లం రెండు హైడ్రోజన్లు కోల్పోతే డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లమవుతుంది. దానికి రంగు పోగొట్టే శక్తి ఉండదు, ఒంట్లోకి వెళ్ళాక మాత్రం తిరిగి విటమిన్‌గా పనిచేస్తుంది. ఈ చిక్కు తెలిస్తే నేటికీ ఈ టైట్రేషన్‌కున్న పరిమితి అర్థమవుతుంది: మారిపోయిన భాగం దీని లెక్కలోకి రాదు.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆహార రసాయనవేత్త టిల్‌మన్స్ మాత్రం రంగు పోగొట్టే శక్తినీ, స్కర్వీని ఆపే శక్తినీ పక్కపక్కన పెట్టి చూసి, 1932లో రెండూ ఒకటేనన్నాడు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో బిర్చ్, హ్యారిస్‌లతో కలిసి మన దేశస్థుడు ఎస్.ఎన్. రే ఆ రంగు పరీక్షను ఆహార పదార్థాలకు పనికొచ్చే సూక్ష్మ పద్ధతిగా మలిచాడు. మూడు నెలల పని కొన్ని నిమిషాల్లోకి వచ్చింది.

బొగ్గు సంగతీ ఇక్కడే విడుతుంది. బొగ్గు నేరేడు రంగును పీల్చుకోవడంతో ఆగలేదు, గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఆస్కార్బిక్ ఆమ్లాన్ని డీహైడ్రో రూపంలోకి మార్చేసింది. 1943లో రో, క్యూథర్‌లు ఇదే గుణాన్ని కావాలని వాడుకున్నారు. బొగ్గుతో మొత్తం విటమిన్‌ను మార్చేసి, ఆ తర్వాత డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్‌తో రంగు తెప్పించి కొలిచారు. వాళ్ళకు మెట్టయిన బొగ్గే మా రసంలో విటమిన్‌ను కనబడకుండా చేసింది.

మరి రంగు రసాలకు దారేది? మొదట తోచేది పలచన చేయడం. ఎరుపు తగ్గేదాకా నీళ్ళు కలిపితే టైట్రేషన్ రీడింగ్ కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది, ఒక్క చుక్క తేడాకే జవాబు తారుమారవుతుంది. అయొడిన్‌కు మారదామన్నా అక్కడా పిండి ఇచ్చే నీలం ఎరుపులో కలిసిపోతుంది. పైగా వగరు పళ్ళలోని టానిన్లు కూడా కొంత అయొడిన్‌ను తినేస్తాయి. బెస్సీ 1938లో కంటిని వదిలి ఫొటోమీటర్ పట్టుకున్నాడు. రంగు మందు కలిపి ఒక రీడింగ్, ఆస్కార్బిక్ ఆమ్లం పలుకులు వేసి మందును పూర్తిగా తెల్లబరిచాక ఇంకో రీడింగ్. రెండోది పండు సొంత రంగు, మొదటి దాంట్లోంచి దాన్ని తీసేస్తే సరి. (రంగు ముదురును బట్టి పదార్థం ఎంతుందో చెప్పే పనిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికే పేరు తెచ్చుకున్నారు. ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతి అదే.)

నాకు బాగా నచ్చింది 1945లో రాబిన్సన్, స్టాట్జ్‌లు చూపిన దారి. మిగిలిన రంగు మందును జైలీన్‌లోకి లాగి కొలవడమే అందులోని కిటుకు. నేరేడు ఎరుపు ఆంథోసయనిన్‌ది. అది నీటిని వదిలి జైలీన్‌లోకి రాదు, ఆమ్లంలో గులాబీగా మారిన మందు వస్తుంది. కొలత యంత్రం లేని మేము ఇదే ఆలోచనను పరీక్షనాళికలోకి తెచ్చుకున్నాం. జైలీన్ బదులు క్లోరోఫాం తీసుకున్నాం. నీటికన్నా బరువు కాబట్టి అది అడుగున నిలుస్తుంది, తెల్లటి అడుగులో గులాబీ కనబడకుండా పోదు. దాని ఆవిరి మంచిది కాదు, పనంతా ఫ్యూమ్ హుడ్ లోపలే.

20 గ్రాముల గుజ్జును 4 శాతం ఆక్సాలిక్ ఆమ్లంతో వెంటనే నూరి 100 మిల్లీలీటర్లు చేశాం. వెంటనే అన్న మాట ముఖ్యం, గాలి తగిలేకొద్దీ విటమిన్ మారిపోతుంది. ఆక్సాలిక్ ఆమ్లం రాగి అయాన్ల పని కూడా పట్టిస్తుంది. లేకపోతే లేశమంత రాగి చాలు, ఆ మార్పు వేగం పెరగడానికి. వడకట్టిన ద్రావణం 10 మిల్లీలీటర్లు, అంటే 2 గ్రాముల పండు, మూత ఉన్న నాళికలో పోసి అడుగున 2 మిల్లీలీటర్ల క్లోరోఫాం వేశాం. బ్యూరెట్‌లోంచి మందు కొద్దిగా వదలడం, మూత పెట్టి కుదపడం, అడుగు తేరేదాకా ఆగడం. చివరికి వచ్చేసరికి ఒక్కో చుక్కే. 2.6 మిల్లీలీటర్ల దగ్గర అడుగు పొర గులాబీ రంగెక్కింది.

పండు లేకుండా ఆమ్లంతోనే చేసిన ఖాళీ పరీక్షకు 0.1 మిల్లీలీటరు పట్టింది, దాన్ని తీసేస్తే 2.5. ఆ ఉదయమే తూచి కలిపిన ఆస్కార్బిక్ ఆమ్లం 0.5 మిల్లీగ్రాములకు ఇదే మందు 4 మిల్లీలీటర్లు ఖర్చయింది. అంటే మిల్లీలీటరుకు 0.125 మిల్లీగ్రాములు. 2.5ను దాంతో హెచ్చవేస్తే 2 గ్రాముల పండులో 0.31, అంటే 100 గ్రాములకు సుమారు 15.6 మిల్లీగ్రాములు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో నేరేడుకు 18 ఉంది. పండు మాగిన తీరును బట్టి ఆ తేడా సహజమే.

రంగు మందు రోజులు గడిచేకొద్దీ పాడవుతుంది, అందుకే ప్రామాణిక పరీక్ష రోజూ చేయాలి. సీసాలో నిల్వ ఉంచిన రసాల్లో సల్ఫైట్ ఉంటే అది కూడా మందును తెల్లబరిచి లేని విటమిన్‌ను చూపిస్తుంది. ముందుగా అసిటోన్ కలిపితే సల్ఫైట్ దానికి కట్టుబడి పక్కకు తప్పుకుంటుంది.

మరుసటి వారం అదే అమ్మాయి టమాటా రసం తెచ్చి, అదే నాళికలో క్లోరోఫాం పోసింది. మందు వేయకముందే, ఒక్కసారి కుదపగానే అడుగు పొర నారింజ రంగుకు తిరిగింది. టమాటా ఎరుపు లైకోపీన్‌ది. అది కొవ్వులో కరిగేది, నీటిని వదిలి క్లోరోఫాంలోకే పోతుంది. ఆ పిల్ల నాళికను వెలుతురుకు ఎత్తి పట్టుకుని కాసేపు చూసింది. "అయితే దీనికి బెస్సీ పద్ధతే మేడం," అని, ఫొటోమీటర్ ఉన్న కాలేజీ ఏదో కనుక్కోవడానికి బయల్దేరింది.