తేటనీళ్లా, మట్టినీళ్లా

2023 అక్టోబరు 21, శనివారం. పొద్దు గూకింది. రేపు సద్దుల బతుకమ్మ. అంబట్‌పల్లి అరుగుల మీద తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి ఉన్నాయి. మీరు మహదేవపూర్ దాటి వచ్చి మేడిగడ్డ బ్యారేజీ వంతెన మీద నిలబడ్డారు. ఇవతల తెలంగాణ, అవతల మహారాష్ట్ర సిరొంచ. ఎగువన కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని వచ్చిన గోదావరి గేట్ల వెనక నిండుగా నిలిచి ఉంది. దిగువన ఇసుక, దాని మధ్య సన్నటి పాయ.

ఉన్నట్టుండి పెద్ద శబ్దం. కాళ్ల కింద వంతెన అదురుతుంది. దూరంగా చూస్తే గీత గీసినట్టుండే పిట్టగోడ ఒకచోట వంగి ఉంది. అది ఏడో బ్లాకు, 20వ పిల్లరు దగ్గర. రాకపోకలు ఆపేస్తారు. 85 గేట్లలో కొన్నింటిని ఎత్తి నీళ్లు వదలడం మొదలుపెడతారు.

మొదట వచ్చిన అనుమానం బయటివాళ్ల మీదకు పోయింది. ఎవరో విద్రోహం చేశారేమోనని మహదేవపూర్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. చెవికి శబ్దం వినిపించింది కాబట్టి పేలుడు అనుకోవడం సులువే. కానీ ఇది చెవితో కాకుండా కంటితో, అదీ పునాది కిందికి చూసి తేల్చాల్సిన సంగతి.

కిందికి దిగుదాం. ఈ బ్యారేజీకి రాతి పునాది లేదు, ఇసుక మీద పరిచిన మందపాటి కాంక్రీటు పలక మీద పిల్లర్లు నిలబడి ఉన్నాయి. గేట్లు దించగానే ఎగువ నీరు పలక కింద ఇసుకలోంచి దిగువకు దారి వెతుక్కుంటుంది. ఆ దారిని పొడవు చేయడానికి పలకకు రెండు అంచుల్లోనూ లోతుగా కాంక్రీటు గోడ దించుతారు. ఇక్కడ ఒకదానిలోకి ఒకటి కొరుక్కునే పైళ్లతో, సీకెంట్ పైళ్లతో ఆ గోడ కట్టారు. నీరు గోడ పక్కన కిందికి దిగి, అవతల పైకెక్కి, అలిసి, నెమ్మదించి బయటికి రావాలి.

పాతకాలపు బ్లై లెక్క ప్రకారం ముతక ఇసుకలో ఎగువ దిగువ నీటి మట్టాల తేడా ఎంతో, దానికి పన్నెండింతల దారి కావాలి. తేడా పది మీటర్లనుకుంటే 120 మీటర్లు. పది మీటర్ల లోతు గోడ దిగీ ఎక్కీ ఇరవై మీటర్లు ఇస్తుంది. రెండు గోడలకు నలభై. ఆ పైళ్ల మధ్య ఒక్కచోట సందు మిగిలితే అక్కడ ఆ ఇరవై లేనట్టే. నీరంతా అటే తిరుగుతుంది, వడి పెరుగుతుంది, ఇసుక రేణువులను మోసుకుపోతుంది. మన చెరువు కట్టకు బుంగ పడటం అంటామే, అదే. పలక కింద ఖాళీ పెరుగుతుంది. పైన మాత్రం ఏమీ కనబడదు, పలక కూలే రోజుదాకా.

బుంగను ముందే ఎలా గుర్తుపడతారు? కాకతీయుల చెరువులున్న ఈ జిల్లాల్లో నీరటికి ఇది పాత పని. కట్ట వెనక తడి కనబడితే ఊటే కదా అని వదలడు. దోసిట్లో పట్టి చూస్తాడు: తేటనీళ్లా, మట్టినీళ్లా? తేటగా ఉంటే ఊట, కాసేపు ఆగినా పర్వాలేదు. మట్టితో వస్తే కట్ట లోపలి మట్టి పోతున్నట్టు. ఆ రాత్రే మనుషుల్ని పిలవాలి.

బ్యారేజీకీ ఇదే ప్రశ్న. దిగువ అంచున ఇసుక గుబగుబ పొంగుతోందా? వరద తగ్గాక అప్రాన్ మీద పరిచిన కాంక్రీటు దిమ్మెలు పరిచినచోటే ఉన్నాయా? అవి చెదిరితే వాటి కింద ఇసుకకు కాపలా లేనట్టే. 2019 నుంచే ఇక్కడ దిగువన ఇబ్బందులు కనిపించాయి. కుంగిన తర్వాత వచ్చిన జాతీయ డ్యాం భద్రతా సంస్థ బృందం పలక కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని కారణాల్లో ఒకటిగా చెప్పింది. వానాకాలానికి ముందూ తర్వాతా చేయాల్సిన తనిఖీలు జరగలేదనీ రాసింది. నాకు ఇక్కడే గుండె బరువెక్కుతుంది. వరద దిగిన వేసవిలో నాలుగు దిమ్మెలు లేపి, కింద బొక్క ఉందా అని లోతు కొలవడానికి ఒక క్రేన్, కొందరు మనుషులు, వారం రోజులు చాలు. ఆ వారం కోసం కొన్నాళ్లు నీళ్లు దించి ఉంచాల్సి వస్తుంది, నిజమే. పంపులు ఆగుతాయి, అడిగే అధికారి మీద ఒత్తిడి ఉంటుంది. అంతవరకే ఖర్చు.

తూకంలో రెండో వైపు ఏముందో చూడాలంటే అదే చోట మళ్లీ నిలబడండి, ఇప్పుడు వర్షాకాలంలో. గేట్లు ఎత్తి ఉంచారు. 16 టీఎంసీలు నిలవాల్సిన చోట నీళ్లు నిలపడం లేదు. కన్నేపల్లి పంపులకు ఇక్కడి నీరు అందడం లేదు. అన్నారం, సుందిళ్ల బ్యారేజీల కింద కూడా ఇదే అనుమానంతో తవ్వి చూడాల్సి వచ్చింది. 20వ పిల్లరు పక్కన నిలబడి కిందికి చూస్తే, ఎర్రటి వరద నీళ్లు పిల్లర్ల మధ్య నుంచి సాగిపోతున్నాయి. అందులో ఎంత మట్టి పైనుంచి వచ్చిందో, ఎంత ఈ పలక కిందిదో ఇప్పుడు దోసిట్లో పట్టి చూసినా తెలియదు.