సరుకు రాక, భద్రతా నిల్వ: ఒక లెక్క పుట్టిన చరిత్ర

సరుకు నిలువ ఉంచుకొనే ప్రతి చోటా రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, ఒక్కసారికి ఎంత తెప్పించాలి? రెండవది, చేతిలో ఎంత మిగిలి ఉండగా మళ్ళీ ఆర్డరు పంపాలి? మొదటి ప్రశ్నకు 1913లోనే జవాబు దొరికింది. ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఆ సంవత్సరం 'ఫ్యాక్టరీ' అనే పత్రికలో దానిని ఒక వర్గమూల సూత్రంగా ప్రకటించారు. అయితే వాడకం రోజూ ఒకే తీరుగా ఉంటుందని ఆ సూత్రం భావించింది. సరుకు రావడంలో ఆలస్యం అనే మాటకు అందులో చోటు లేదు.

రెండవ ప్రశ్న అంత సులువుగా లొంగలేదు. 1934లో ఆర్. హెచ్. విల్సన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్రాసిన వ్యాసంలో, ఎంత తెప్పించాలన్నది ఒక లెక్క, ఎప్పుడు తెప్పించాలన్నది వేరొక లెక్క అని రెంటినీ విడదీసి చూపారు. ఆర్డరు పంపిన నాటి నుండి సరుకు చేరేవరకు పట్టే రోజులను సరఫరా కాలం అందాం. ఆ రోజులలో ఎంత ఖర్చవుతుందో ముందుగా తెలియదు. కాబట్టి సగటు ఖర్చుకు మించి కొంత అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఈ అదనమే భద్రతా నిల్వ. సరఫరాదారు మాట తప్పుతూ ఉంటే ఈ అదనం ఎంత పెరగాలి? దీనికి జవాబు గోదాములలో కాక, గణిత శాస్త్రజ్ఞుల మధ్య పుట్టింది.

వాల్డ్ సమస్య

అబ్రహాం వాల్డ్ 1902లో, అప్పుడు హంగరీలోనూ ఇప్పుడు రుమేనియాలోనూ ఉన్న క్లుజ్ నగరంలో పుట్టి, 1938లో అమెరికా చేరుకొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన ముందు ఒక సమస్య వచ్చింది. యుద్ధ సామగ్రిని పరీక్షించేటప్పుడు ఇన్ని వస్తువులు చూడాలని ముందే నిర్ణయించుకోకుండా, ఒక్కొక్కటే చూస్తూ, మంచిచెడ్డలు తేలగానే ఆపివేస్తే శ్రమ తగ్గుతుంది. కాని అప్పుడు ఎన్ని వస్తువులు చూడవలసి వస్తుందో అదీ అనిశ్చితమే. అంటే కూడవలసిన సంఖ్యలే కాదు, ఎన్ని సంఖ్యలు కూడాలో కూడా యాదృచ్ఛికమన్న మాట. అటువంటి మొత్తాన్ని గురించిన సమీకరణాన్ని వాల్డ్ 1944లో ప్రకటించారు.

ఆ మరుసటి సంవత్సరం వాషింగ్టన్‌లో మేయర్ గిర్షిక్ తన ఉపన్యాసంలో ఈ సమీకరణాన్ని వివరించారు. సభలో డేవిడ్ బ్లాక్‌వెల్ అనే యువ అధ్యాపకుడు ఉన్నాడు. ఆ సమీకరణం నిజం కాదని తోచి, దానికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటి తయారుచేసి గిర్షిక్‌కు పంపాడు. ఆ ఉదాహరణే తప్పని తేలింది. కాని ఆ తగాదా స్నేహంగా మారి, ఇద్దరూ కలిసి పనిచేశారు. ఇటువంటి మొత్తం సగటు నుండి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే సూత్రానికి నేటి గణాంక గ్రంథాలలో బ్లాక్‌వెల్–గిర్షిక్ సమీకరణమని పేరు.

వాల్డ్ జీవితం మన దేశంలోనే ముగిసింది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై ఉపన్యాసాలివ్వడానికి వచ్చిన ఆయన 1950 డిసెంబరు 13న నీలగిరులలో విమానం కూలి, భార్యతో సహా మరణించారు.

ఈ గణితానికీ మన ప్రశ్నకూ ఉన్న పోలిక ఇప్పుడు చదువరులకు స్పష్టమయ్యే ఉంటుంది. సరఫరా కాలంలో అయ్యే ఖర్చు అంటే రోజువారీ వాడకాల మొత్తం. రోజువారీ వాడకం అనిశ్చితం. సరఫరాదారు నికరం లేనివాడైతే ఎన్ని రోజుల వాడకం కూడాలో అదీ అనిశ్చితమే.

ఒక ఆసుపత్రి లెక్క

ఒక ఆసుపత్రి స్టోర్సును ఊహించుకొందాం. అక్కడ రోజుకు సగటున 100 సెలైన్ సీసాలు ఖర్చవుతాయి. ఒకనాడు 80, మరొకనాడు 120 కావచ్చు. ఈ హెచ్చుతగ్గుల కొలతను ప్రామాణిక విచలనం అంటారు. అది 20 అనుకొందాం. సీసాలు రావడానికి సరిగ్గా 16 రోజులు పడుతుంది.

16 రోజుల సగటు ఖర్చు 1600 సీసాలు. మరి 16 రోజుల మొత్తంలో విచలనం ఎంత? 16ను 20తో గుణిస్తే 320 వస్తుంది కాని అది సరికాదు. ఒకనాటి హెచ్చు మరొకనాటి తగ్గుతో కొంత చెల్లిపోతుంది. విచలనాలను కాక వాటి వర్గాలను కూడాలి. అందువల్ల మొత్తం విచలనం 16 వర్గమూలమైన 4ను 20తో గుణించగా వచ్చే 80 సీసాలు మాత్రమే. వాడకం సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే, సగటుకు పైన 1.645 విచలనాలంత అదనం ఉంచినప్పుడు 100 ఆర్డర్లలో 95 సార్లు కొరత రాదు. 80 × 1.645 = 132. కాబట్టి 132 సీసాల భద్రతా నిల్వ చాలు. చేతిలో 1732 మిగిలినప్పుడు ఆర్డరు పంపాలి.

ఇప్పుడు సరఫరాదారు మారాడు. సగటున 16 రోజులే కాని ఒకసారి 13, ఒకసారి 19, అప్పుడప్పుడు ఇంకా ఎక్కువ. రాకలోని విచలనం 3 రోజులు. ఒక రోజు ఆలస్యమైతే 100 సీసాలు అదనంగా కావాలి. కనుక 3 రోజుల విచలనం 300 సీసాల విచలనంతో సమానం. ఇక్కడ ఒక రోజు మరొక రోజుతో చెల్లిపోయే అవకాశం లేదు. ఆలస్యమైన ప్రతి రోజూ నూరు సీసాల భారం పూర్తిగా మీద పడుతుంది.

వాడకం వల్ల 80, రాక వల్ల 300. ఈ రెంటినీ ఎట్లా కలపాలి? ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిన పైథాగరస్ పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. 80, 300 భుజాలుగా లంబకోణ త్రిభుజం గీస్తే దాని కర్ణమే మొత్తం విచలనం:

√(80² + 300²) = 310 (సుమారు)

దీనిని 1.645తో గుణిస్తే 511 సీసాలు. సగటు రాక ఒక్క రోజైనా పెరగలేదు, రోగుల సంఖ్య మారలేదు. అయినా భద్రతా నిల్వ 132 నుండి 511కు పెరిగింది.

త్రిభుజం చెప్పే సంగతి

ఈ త్రిభుజాన్ని కాస్త నిదానించి చూడాలి. ఒక భుజం చాలా పొడవు, రెండవది పొట్టి. పొట్టి భుజాన్ని ఎంత తగ్గించినా కర్ణం అంతగా తగ్గదు.

సరఫరాదారు సగటు రాకను 16 రోజుల నుండి 9 రోజులకు తగ్గించాడని అనుకొందాం. అయితే నిలకడ లేకపోవడం మాత్రం మునుపటిలాగే 3 రోజులు. పొట్టి భుజం 80 నుండి 60కి దిగుతుంది. భద్రతా నిల్వ 511 నుండి 503కు మాత్రమే తగ్గుతుంది. త్వరగా తెచ్చినందువల్ల, దారిలో గడిచే రోజులకు కావలసిన 1600 సీసాలు 900 అవుతాయన్నది నిజమే. కాని భయానికి ఉంచుకొనే నిల్వ దాదాపు కదలలేదు.

మరొక సరఫరాదారు సగటు రాకను 16 రోజులుగానే ఉంచి, హెచ్చుతగ్గును 3 రోజుల నుండి 1 రోజుకు తెచ్చాడు. అప్పుడు భుజాలు 80, 100. కర్ణం సుమారు 128. భద్రతా నిల్వ 211 సీసాలు. భద్రతా నిల్వ విషయంలో వేగం కంటె నికరమే ఎక్కువ పని చేస్తుందని దీనివల్ల తేలుతున్నది. రోజువారీ వాడకాన్ని ఎంత జాగ్రత్తగా అంచనా వేసినా ఇంతటి ఫలితం రాదు. 3 రోజుల హెచ్చుతగ్గు అట్లాగే ఉంటే, వాడకంలోని అనిశ్చితి అంతా పోయినా 494 సీసాలు ఉంచవలసిందే.

సూత్రం ఎక్కడ తప్పుతుంది?

ఇంత చక్కని సూత్రం దొరికిన తరువాత దానిని నమ్మకంగా వాడడం సహజం. కాని అది మొత్తం ఖర్చు సామాన్య విభాజనంలో ఉంటుందని భావిస్తుంది. 1988లో గ్యారీ ఎపెన్, కిప్ మార్టిన్ అనే అమెరికన్ ఆచార్యులు 'మేనేజ్‌మెంట్ సైన్స్' పత్రికలో ఈ భావన మోసగించగలదని చూపించారు. మన ఆసుపత్రి లెక్కతోనే దానిని గ్రహించవచ్చు.

సరఫరాదారు 10 సార్లలో 9 సార్లు 15 రోజులకే తెస్తాడు. ఒకసారి మాత్రం 25 రోజులు పడుతుంది. సగటు ఎంత? 16 రోజులు. విచలనం? సగటుకు 9 సార్లు 1 రోజు దూరం, ఒకసారి 9 రోజుల దూరం. వర్గాల సగటు 0.9 + 8.1 = 9. కాబట్టి విచలనం 3 రోజులు. పై లెక్కలోని సగటు, విచలనమే ఇక్కడా వచ్చాయి. సూత్రం ఈసారి కూడా 511 సీసాలే చెబుతుంది.

ఆ ప్రకారం 2111 సీసాలు మిగిలినప్పుడు ఆర్డరు పంపుతారు. సరుకు 15 రోజులకు వస్తే ఖర్చు సుమారు 1500. కొరత అన్న మాటే లేదు. 25 రోజులు పట్టినప్పుడు సుమారు 2500 కావాలి. ఇంచుమించు 400 సీసాల కొరత తప్పదు. అంటే దాదాపు నాలుగు రోజుల పాటు రోగులకు సెలైన్ ఉండదు. పైగా ఇది నూటికి 5 సార్లు కాదు, 10 సార్లు జరుగుతుంది. నిజంగా 5 సార్లకే పరిమితం చేయాలంటే, 25 రోజులు పట్టిన సందర్భాలలో కనీసం సగమైనా గట్టెక్కాలి. అందుకు 2500 సీసాల దగ్గరే ఆర్డరు పంపాలి. అప్పుడు భద్రతా నిల్వ 511 కాదు, 900.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉన్నది. సగం సార్లు 13 రోజులు, సగం సార్లు 19 రోజులు మాత్రమే పడితే, సగటు, విచలనం మళ్ళీ 16, 3 అవుతాయి. కాని 19 రోజులకు మించి ఆలస్యం లేదు కనుక సుమారు 412 సీసాల భద్రతా నిల్వ సరిపోతుంది. సూత్రం చెప్పిన 511 ఇక్కడ వృథా.

ముందు పంపిన ఆర్డరు కంటె వెనుక పంపినది ముందుగా చేరడం మరొక చిక్కు. జార్జి హాడ్లీ, థామ్సన్ విటిన్ 1963లో ప్రచురించిన నిల్వల గణిత గ్రంథం దీనిని చర్చించింది. ఆర్డర్లు ఒకదానినొకటి దాటుకొంటూ ఉంటే, ఒకదాని ఆలస్యాన్ని మరొకటి కొంత కప్పుతుంది. సూత్రానికి ఆ సంగతి తెలియదు.

రిజిస్టరులో చూడవలసినది

సూత్రాన్ని నమ్మవచ్చునో లేదో తెలుసుకోవడానికి స్టోర్సు రిజిస్టరే ఆధారం. ప్రతి ఆర్డరుకూ పంపిన తేదీ, సరుకు అందిన తేదీ వ్రాసి, మధ్య రోజులను ఒక గీత మీద చుక్కలుగా పెట్టాలి. చుక్కలు మధ్యలో ఒత్తుగా, ఇరువైపులా పలుచగా ఉంటే సూత్రం బాగా పనిచేస్తుంది. రెండు గుంపులుగా విడిపోయినా, కొన్ని చుక్కలు దూరంగా ఒంటరిగా పడినా, సగటునూ విచలనాన్నీ పక్కన పెట్టి, ఆ దూరపు చుక్కలకు ఎంత సరుకు కావాలో విడిగా లెక్కించాలి.

ఈ పనిలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. ఇంకా రాని ఆర్డర్లకు అందిన తేదీ ఉండదు కనుక వాటిని లెక్కలో వదిలివేస్తారు. మిక్కిలి ఆలస్యమైనవి అవే కావచ్చు. ఆ విధంగా వేసిన చుక్కలలో సరఫరాదారు ఉన్నదానికంటె మంచివాడుగా కనిపిస్తాడు. రాని ఆర్డరుకు కూడా ఇంతవరకు గడిచిన రోజుల దగ్గర ఒక చుక్క పెట్టి, అది ఇంకా కుడివైపుకు జరుగుతుందని ఒక బాణం గుర్తు వేయాలి.